ఆపాలని తెలిసిన రోజు, ఆపిన రోజు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నంద్యాల, నా వయసు 32. బెంగళూరులో ఇద్దరు స్నేహితులతో కలిసి మూడున్నరేళ్లు నడిపిన స్టార్టప్‌ను నాలుగు నెలల క్రితం మూసేశాం. మాది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఇప్పుడు ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఇస్తున్నాను. మూడు చోట్ల చివరి రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయింది. ఎందుకు మూతపడిందో బాగానే చెబుతున్నాను. "ఆర్నెల్లు పోయాక మళ్లీ సొంతంగా పెట్టుకోరని నమ్మకమేంటి?" అని అడిగితే మాత్రం టెన్షన్ వచ్చేస్తోంది. ఏం చెప్పాలి?

జవాబు: మీరు రెండో ప్రశ్న గురించి బాధపడుతున్నారు. నా అనుమానమంతా మొదటిదాని మీదే. మూత పడటానికి కారణం మీరు చెప్పిన తీరులో ఏదో తేలిపోయింది కాబట్టే వాళ్లు రెండో ప్రశ్న అంత గట్టిగా వేస్తున్నారని నాకనిపిస్తోంది. ఇలాంటివాళ్లతో కూర్చుని జవాబులు సరిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

పోయినేడాది మారతహళ్లి నుంచి ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. పీజీ హాస్టళ్లు నడిపేవాళ్ల కోసం యాప్ చేశాడు. అద్దెలు, అడ్వాన్సులు, ఖాళీ మంచాల లెక్క అన్నీ ఫోన్‌లోనే. నెలకు 999 రూపాయలు. అక్కడ పీజీలు నడిపేవాళ్లలో మనవాళ్లు బోలెడుమంది, కాబట్టి మొదట్లో మాట కలపడం తేలికైంది. ఏడుగురు ఉద్యోగులు. 2023 డిసెంబర్‌లో మూసేశాడు. "ఎందుకు మూసేశావు బాబూ" అంటే తడుముకోకుండా చెప్పాడు: "ఫండింగ్ దొరకలేదండీ, మార్కెట్ కూడా ఇంకా రెడీగా లేదు."

ఆ రెండు ముక్కలూ అబద్ధం కాదు. 2022 తర్వాత పెట్టుబడులు ఎలా తగ్గిపోయాయో బెంగళూరులో ఇంటర్వ్యూ చేసేవాళ్లందరికీ తెలుసు. వాళ్లలో కొందరు ఆ దెబ్బకు ఉద్యోగం పోగొట్టుకుని వచ్చినవాళ్లే. కానీ ఆ జవాబులో ఆ అబ్బాయి ఎక్కడా లేడు. వాతావరణం బాగోలేదు, అంతే. అలా చెప్పినవాడి గురించి ఎదుటివాళ్లకు తోచేది ఒకటే: వాతావరణం బాగుపడగానే ఇతను వెళ్లిపోతాడు. మీకు గుచ్చుకుంటున్న ఆ ప్రశ్న పుట్టేది అక్కడే.

ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఒక పీజీని కస్టమర్‌గా తెచ్చుకోవడానికి ఎంత ఖర్చయిందో రాయమన్నాను. తిరిగి అమ్మే కుర్రాడికి జీతం, పెట్రోలు కలిపి నెలకు 26 వేలు. అతను నెలకు సగటున నాలుగు పీజీలు తెచ్చేవాడు. అంటే ఒక్కోదానికి 6,500. ఒక పీజీ ఎన్నాళ్లు డబ్బు కట్టిందని అడిగాను. కాసేపు పెన్ను ఆగింది. తర్వాత "ఐదు నెలలు" అని రాశాడు. దాదాపు 5 వేలు. ఒక్కో కస్టమర్ మీద పదిహేను వందలు నష్టం. సర్వర్ ఖర్చు, మిగతా జీతాలు అందులో కలపనే లేదు. ఎక్కువమంది చేరేకొద్దీ ఎక్కువ డబ్బు పోయే వ్యాపారం అది. ఫండింగ్ వచ్చి ఉంటే ఆ పోవడం ఇంకాస్త వేగంగా జరిగేది.

ఎందుకు ఐదు నెలలే అంటే, దానికీ అతని దగ్గర జవాబుంది. యాప్ వాడకం నేర్చుకునేది ఓనరు కాదు, వార్డెన్. ఆ వార్డెన్ నాలుగైదు నెలల్లో మానేసి ఇంకో పీజీకి వెళ్లిపోతాడు. కొత్తగా వచ్చినవాడు మళ్లీ నోటుబుక్కు తీస్తాడు. యాప్ అమ్మింది ఒకరికి, వాడింది ఇంకొకరు. ఇది అతనికి మొదట తట్టలేదు.

అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. "ఈ లెక్క నీకు ఎప్పుడు తెలిసింది?" 2022 ఆగస్టులో అన్నాడు. మూసేసింది 2023 డిసెంబర్‌లో. మధ్యలో 16 నెలలు. ఆ 16 నెలల్లో ఏం చేశావంటే తల దించుకున్నాడు. వాళ్ల బావగారి దగ్గర 8 లక్షలు తెచ్చి మరీ నడిపాడట.

ఇంటర్వ్యూలో మీరు చెప్పాల్సింది ఆ రెండు తేదీల మధ్య కాలం గురించి. కంపెనీ ఎందుకు పోయిందన్నది వ్యాపారం సంగతి. తెలిసీ ఎందుకు ఆగలేదన్నది మీ సంగతి. మిమ్మల్ని పనిలో పెట్టుకునేవాళ్లకు కావలసింది రెండోది. రేపు వాళ్ల ప్రొడక్ట్‌లో ఒక ఫీచర్ ఎవరికీ అక్కర్లేదని అంకెలు చెబుతుంటే, మీరు నోరు తెరిచి చెబుతారా, లేక ఇంకో రెండు క్వార్టర్లు లాగుతారా? దానికి రుజువు మీ గతంలోనే ఉంది.

ఆ అబ్బాయి జవాబును కలిసి ఇలా మార్చాం: "ఒక్కో కస్టమర్ మీద పదిహేను వందలు నష్టపోతున్నామని 2022 ఆగస్టులో తెలిసింది. ధర పెంచితే సరిపోతుందనుకున్నాను. పెంచితే కస్టమర్లు ఇంకా తగ్గారు. అప్పుడే ఆపాల్సింది. ఏడుగురికి ముఖం ఎలా చూపించాలో తెలియక ఇంకో ఏడాది లాగాను. ఇప్పుడైతే ఏ పనికైనా మొదలుపెట్టే రోజునే ఫలానా నెలకల్లా ఈ అంకె రాకపోతే ఆపుతానని రాసిపెట్టుకుంటాను." అంతే, ఒకటిన్నర నిమిషం. ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే జరుగుతుంది కానీ ఈ లెక్క ముందు తెలుగులో, మీ మాటల్లో తేల్చుకోండి. ఇంగ్లీషులో మొదలుపెడితే 'మార్కెట్', 'టైమింగ్' అన్న మాటల వెనక దాక్కోవడం తేలికైపోతుంది.

మీ భాగస్వాముల గురించి ఒక్క మాట. వాళ్లతో గొడవలైనా సరే, తప్పు వాళ్ల మీదకు నెట్టకండి. మీరు వినని సలహా ఏదైనా వాళ్లు ఇచ్చి ఉంటే, అది చెప్పండి.

ఇక ఉంటారా, పోతారా అన్న అనుమానం. దీనికి చాలామంది "ఇక జన్మలో స్టార్టప్ జోలికి పోను" అనేస్తారు. దయచేసి అలా అనకండి. ఎవరూ నమ్మరు, మీరూ నమ్మరు. "ఇంటి మీద అప్పులున్నాయి, ఉద్యోగం అవసరం" అన్నదీ వద్దు. అప్పు తీరేదాకే ఉంటానని చెప్పినట్టవుతుంది.

నమ్మకం కలిగేది ఈ ఉద్యోగంలో మీరు పూర్తి చేయాలనుకునే పని ఎంత పొడవుదో చెప్పినప్పుడు. ఆ అబ్బాయి విషయంలో అది కాగితం మీదే కనిపించింది. ఐదు నెలలకే కస్టమర్లు పోయేవారు కాబట్టి, మూడేళ్లు కంపెనీ నడిపి కూడా అతను ఒక్క సంవత్సరపు రెన్యువల్ చూడలేదు. ఈ మాట నేనంటే ఉలిక్కిపడ్డాడు. వెళ్లబోయే కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది, అన్నీ ఏడాది ఒప్పందాలు. అక్కడ అతను ఇలా చెప్పాడు: "కొనిపించడం నాకు తెలుసు. కొన్నవాళ్లు రెండో ఏడాది, మూడో ఏడాది ఎందుకు ఉంటారో నాకు తెలియదు. అది నా సొంత కంపెనీలో నేర్చుకునే వీల్లేకపోయింది. మీ దగ్గర ఒక బ్యాచ్ కస్టమర్లను చేరినప్పటి నుంచి రెండో రెన్యువల్ దాకా చూడాలని ఉంది." రెండో రెన్యువల్ అంటే రెండేళ్లు దాటుతుంది. ఒట్టు పెట్టలేదు, తేదీ కూడా చెప్పలేదు. కానీ వినేవాళ్లకు కాలం అర్థమైంది, కారణమూ అర్థమైంది. అతని వైఫల్యం, అతని కోరిక ఒకే చోట కలిశాయి.

మీ కంపెనీలో మీరు చూడలేకపోయింది ఏమిటి? అది ఈ కంపెనీలో ఉందా? లేకపోతే ఈ ఉద్యోగం మీది కాదేమో అని కూడా ఆలోచించండి. నిజంగా ఆర్నెల్లలో మళ్లీ మొదలుపెట్టాలని మనసులో ఉంటే కాంట్రాక్టు పని చూసుకోండి. పర్మనెంటు ఉద్యోగానికి వెళ్లి వాళ్లనూ మిమ్మల్నీ ఇబ్బంది పెట్టుకోవద్దు.

వాళ్లు పైకి అడగని భయం ఇంకొకటుంది. మీకన్నా నాలుగేళ్లు చిన్న మేనేజర్ చెప్పింది చేస్తారా అని. "చేస్తానండీ" అంటే చాలదు. సొంత కంపెనీలోనే మీ మాట నెగ్గకుండా, భాగస్వామి నిర్ణయాన్ని మీరే ముందుండి అమలు చేసిన రోజు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోండి. దానికి తోడు, మీ దగ్గర పనిచేసిన ఒకరి నంబరు రిఫరెన్స్‌గా ఇవ్వండి. ఇన్వెస్టర్ చెప్పే మంచిమాట కన్నా మాజీ ఉద్యోగి మాటకు విలువెక్కువ. ఆ అబ్బాయి ఇద్దరికి చివరి నెల జీతం 40 రోజులు ఆలస్యంగా ఇచ్చాడు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయినే రిఫరెన్స్‌గా పెట్టమన్నాను. ఆలస్యం సంగతి ఆమే చెప్పింది, పూర్తిగా ఇచ్చాడనీ చెప్పింది.

చివరగా కాగితాలు. మీ విషయంలో ఇది ముఖ్యం. మీరు షట్టర్ దించినా కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ రికార్డుల్లో మీ కంపెనీ ఇంకా బతికే ఉంటుంది, మీరు డైరెక్టరుగానే కనిపిస్తారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది బయటపడితే, "మూసేశానన్నాడు, ఇదేంటి" అన్న అనుమానం ఒక్క నిమిషంలో పుడుతుంది. కంపెనీ పేరు కొట్టేయించడానికి కంపెనీల చట్టం 248వ సెక్షన్ కింద STK-2 ఫారం పెట్టాలి. ఫీజు 10 వేలు. అయితే బాకీలన్నీ తీరి ఉండాలి, పైగా మామూలుగా గడిచిన రెండు ఆర్థిక సంవత్సరాల్లో వ్యాపారం జరిగి ఉండకూడదు. నాలుగు నెలల క్రితం దాకా నడిచింది కాబట్టి మీరు వెంటనే పెట్టలేకపోవచ్చు, మీ సీఏతో మాట్లాడండి. అప్పటిదాకా ఏటా వేయాల్సిన AOC-4, MGT-7 లాంటివి ఆపకండి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయలు పడుతుంది. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టరుగా ఐదేళ్ల అనర్హత వస్తుంది.

లింక్డ్‌ఇన్‌లో మీ పేరు కింద ఇంకా ఫౌండర్ అనే ఉంటే, ముగిసిన నెల వేసి సరిచేయండి. ఈసారి చివరి రౌండ్‌కు ముందే హెచ్‌ఆర్‌కు చిన్న మెయిల్ పెట్టండి: కంపెనీ పని ఫలానా నెలలో ఆగింది, జీతాలు, పన్నులు ఇంతవరకు తీర్చాం, రికార్డుల్లో డైరెక్టరుగా నా పేరు ఇంకా ఉంది, కంపెనీ పేరు కొట్టేయించే దరఖాస్తు ఫలానా సమయంలో పెడతాం, ఈలోగా అందులో నాకు ఆదాయం గానీ పని గానీ లేదు. ఆఫర్ వచ్చాక బయట డైరెక్టరు పదవుల గురించి అడిగే ఫారం ఇస్తే, అందులోనూ ఇవే మాటలు రాయండి.