ఐవీఎఫ్‌: ఇంజెక్షన్‌ మొదలు పిండం బదిలీ దాకా ఏం జరుగుతుంది?

నాకు 31 ఏళ్లు. రెండు ట్యూబులూ మూసుకుపోయాయని ఐవీఎఫ్‌ చేయించుకోమన్నారు. నెలసరి రెండో రోజు రమ్మన్నారు. రోజూ ఇంజెక్షన్లంటే భయంగా ఉంది. అండాలన్నీ ఇప్పుడే తీసేస్తే తర్వాత మిగలవని అత్తయ్య అంటున్నారు. అసలేం చేస్తారు?
– ఓ సోదరి, ఖమ్మం

ముందు మీ అత్తయ్య గారి సందేహం తీరుస్తాను. ప్రతి నెలా అండాశయాల్లో కొన్ని ఫాలికిల్స్‌, అంటే అండం ఉండే నీటి బుడగలు, పెరగడం మొదలుపెడతాయి. వాటిలో సాధారణంగా ఒక్కటే పక్వానికొస్తుంది, మిగతావి ఎండిపోతాయి. అలా ఎండిపోయేవాటినే ఇంజెక్షన్లు పెంచుతాయి. తర్వాతి నెలల నిల్వ జోలికి వెళ్లవు.

రెండో రోజు స్కాన్‌ చూసి ఇంజెక్షన్లు మొదలుపెడతారు. ఇన్సులిన్‌ సూదిలాంటి సన్నటి సూదితో బొడ్డు పక్కన చర్మం కింద వేసుకోవాలి. నర్సు ఒకసారి నేర్పితే ఇంట్లోనే చేసుకోవచ్చు. సుమారు పది రోజులు వాడాలి. ఐదారు రోజులయ్యాక, అండాలు ముందే విడుదలైపోకుండా మరో ఇంజెక్షన్‌ కలుపుతారు.

మీరు గడియారం చూసి వేసుకోవాల్సింది అండాలను చివరిగా పక్వం చేసే ట్రిగ్గర్‌ ఇంజెక్షన్‌. కొన్ని బుడగలు 17, 18 మిల్లీమీటర్లకు పెరిగాక దీన్నిస్తారు. సోమవారం రాత్రి 10కి వేసుకుంటే అండాలు తీసేది బుధవారం ఉదయం 10కి, అంటే 36 గంటలకు. ఆ వ్యవధి బాగా తగ్గితే అండాలు పక్వం కావు, బాగా పెరిగితే విడుదలైపోతాయి. అందుకే ఆలస్యమైతే మొహమాటపడకుండా వెంటనే ఫోన్‌ చేసి చెప్పండి. థియేటర్‌ టైమ్‌ మార్చుకోవచ్చు.

అండాలు తీసేటప్పుడు మత్తు ఇస్తారు. పొట్టపై కోత ఉండదు. స్కాన్‌లో చూస్తూ యోని మార్గం నుంచి సూదితో తీస్తారు. సాధారణంగా అరగంటలోపే అయిపోతుంది.

ఆ అండాలను ల్యాబ్‌లో మీ భర్త వీర్యకణాలతో కలుపుతారు. ఆ తర్వాత ల్యాబ్‌ నుంచి వచ్చే ఫోన్లే చాలామందిని కుంగదీస్తాయి. ఉదాహరణకు పది అండాలు దొరికితే ఎనిమిదే పక్వమైనవి కావచ్చు. మర్నాటికి వాటిలో ఆరు ఫలదీకరణ చెందుతాయి. ఐదో రోజుకు రెండో మూడో మంచి పిండాలు మిగులుతాయి. ఇలా తగ్గడం మామూలే, మీ తప్పేమీ కాదు.

పిండం బదిలీకి సాధారణంగా మత్తు అక్కర్లేదు. మూత్రాశయం నిండుగా ఉంటే స్కాన్‌లో గర్భసంచి బాగా కనిపిస్తుంది కాబట్టి నీళ్లు తాగి రమ్మంటారు. సన్నని గొట్టంతో పిండాన్ని లోపల ఉంచుతారు. తర్వాత మంచం దిగకూడదన్న నియమమేమీ లేదు. లేచి నడిస్తే పిండం జారిపోదు. ప్రొజెస్టరాన్‌ మందు మాత్రం మానకండి.

ట్రిగ్గర్‌ తర్వాత పొట్ట బాగా ఉబ్బినా, ఒక్క రోజులో కిలోకు పైగా బరువు పెరిగినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, వాంతులు ఆగకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అండాశయాలు మందుకు అతిగా స్పందించినప్పుడు ఇలా అవుతుంది. పీసీఓఎస్‌ ఉన్నవారిలో ఎక్కువ. ఆ ముప్పు కనిపిస్తే పిండాలను ఫ్రీజ్‌ చేసి, బదిలీని తర్వాతి నెలలకు వాయిదా వేస్తారు.

బదిలీ అయ్యాక డాక్టర్‌ చెప్పిన రోజున, సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజులకు, రక్తపరీక్ష చేయించుకోండి. తొందరపడి ఇంట్లో కిట్‌తో చూసుకోవద్దు. ఆ కిట్‌ గుర్తించేది హెచ్‌సీజీ అనే హార్మోన్‌నే. ట్రిగ్గర్‌గా దాన్నే వాడి ఉంటే, గర్భం రాకపోయినా కొన్ని రోజులు రెండు గీతలు పడొచ్చు.