డాక్టర్ సలహా: పరుగులో అర్ధరాత్రి దాటాక లేనివి కనిపిస్తున్నాయి.. నిద్ర వల్లేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 41 ఏళ్లు. ఉండేది హైదరాబాద్‌లో. బీపీకి రోజూ టెల్మిసార్టాన్ వేసుకుంటాను. ఈసారి బ్యాక్‌యార్డ్ అల్ట్రాలో 24 గంటలు నిలబడాలని ఉంది. కిందటేడు రాత్రంతా జరిగిన స్టేడియం రన్‌లో తెల్లవారుజామున ట్రాక్ పక్కన కుర్చీలు కుక్కల్లా కనిపించాయి. తల కూడా తిరిగింది. గంటకు ఎంత వేగం పెట్టుకోవాలి? ఎప్పుడు పడుకోవాలి? నొప్పి మాత్ర ముందే వేసుకోమంటున్నారు ఫ్రెండ్స్, వేసుకోవచ్చా? అయిపోయాక బైక్ మీదే ఇంటికి రావాలి.

జవాబు: అమెరికాలోని టెన్నెసీలో గ్యారీ కాంట్రెల్ మొదలుపెట్టిన పోటీ ఇది. గంటకొక రౌండు, 6.7 కిలోమీటర్లు. 24 రౌండ్లకు 100 మైళ్లు. రౌండు ముందే ముగించినవారికి వచ్చేదేమీ లేదు, మళ్లీ గంట కొట్టేసరికి గీత దగ్గర ఉండాలంతే. 42 నిమిషాల్లో వచ్చేసి 18 నిమిషాలు కూర్చుంటే తొడ కండరాలు ఊరికే అరిగిపోతాయి, కూర్చున్న కాళ్లు బిగుసుకుంటాయి. మీకు 52 నిమిషాలు చాలు. ఎత్తున్న చోట్ల మొత్తం 12 నిమిషాలు చురుగ్గా నడవండి, అందులో 1.2 కిలోమీటర్లు పోతాయి. మిగతా ఐదున్నర కిలోమీటర్లను కిలోమీటరుకు ఏడుంపావు నిమిషాల చొప్పున పరుగెత్తితే 40 నిమిషాలు. మొదటి రౌండులోనే ఇలా నడవాలంటే మొహమాటంగా ఉంటుంది కానీ, నడవండి.

చేతిలో మిగిలేది 8 నిమిషాలు. మూడు నిమిషాల ముందు మొదటి విజిల్ వేస్తారు కాబట్టి నిజానికి అయిదే. పగలు ఆ అయిదు నిమిషాల్లో తినండి. చీకటి పడ్డాక తిండి చేత్తో పట్టుకుని, తరవాతి రౌండు మొదట్లో నడుస్తూ తినండి. అప్పుడు ఆ అయిదు నిమిషాలూ పడుకోవడానికి దొరుకుతాయి.

పొద్దున ఆరింటికి మొదలైతే మీకు ఒక్క రాత్రే గడవాలి. దానికి గంటల తరబడి నిద్ర అక్కర్లేదు, కునుకు చాలు. ముందు వారం రోజులు రోజూ గంట ఎక్కువ పడుకుంటే అది చాలావరకు ఆదుకుంటుంది. మూడింటి నుంచి అయిదింటి దాకా ఒంటి గడియారమే మనల్ని పడుకోమంటుంది, ఒంటి వేడి కూడా అప్పుడే బాగా తగ్గుతుంది. కాఫీని ఆ వేళకోసం దాచుకోండి. రెండున్నరకు తాగితే మూడింటికి పనిచేస్తుంది. సాయంత్రం నుంచే తాగుతూ పోతే అసలు వేళకు కడుపులో మంట తప్ప ఏమీ మిగలదు. ఆ వేళ రౌండ్ల మధ్య చాప మీద వాలి, కళ్లకు గుడ్డ కప్పుకోండి. లేపే బాధ్యత తోడున్న మనిషిది. లేచాక రెండు, మూడు నిమిషాలు మత్తు వదలదు, అందుకే కూడా మొదట నడక.

కుర్చీలు కుక్కల్లా కనిపించడం చాలావరకు నిద్ర పనే. తల తిరగడాన్ని మాత్రం నిద్ర మీదకు తోసేయొద్దు. నీళ్లు మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. అప్పుడూ మనిషి తికమకగానే మాట్లాడతాడు. రెండింటినీ విడదీయడానికి రౌండ్ల పోటీలో మంచి వీలుంది: ప్రతిసారీ అదే టెంటుకు వస్తారు కాబట్టి అక్కడొక బరువు మెషీన్ పెట్టుకోండి. మొదలుపెట్టినప్పుడు 70 కిలోలుంటే, రాత్రికి ఒకటి, ఒకటిన్నర కిలో తగ్గి ఉండటం మామూలే. 71 చూపిస్తే నీళ్లు ఎక్కువైనట్టే. ఉంగరం బిగుసుకోవడం, వాచీ పట్టీ అచ్చు పడటం, తలనొప్పి, వాంతి దీనికి తోడొస్తాయి. అప్పుడు ఇంకా నీళ్లు పట్టిస్తే ప్రాణం మీదకు వస్తుంది, పోటీ ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. మామూలుగా దాహమేసినప్పుడు తాగితే చాలు.

అర్ధరాత్రి దాటాక ప్రతి రౌండుకూ మీ తోడు మనిషి మూడు ప్రశ్నలు అడగాలి: ఎన్నో రౌండు, టైమెంత, చివర ఏం తిన్నావు. నిద్రమత్తులో ఉన్నవారు తడుముకున్నా సరిగ్గానే చెబుతారు. చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే షుగర్ తగ్గి ఉండొచ్చు, తీపి పానీయం తాగిస్తే పావుగంటలో తేరుకుంటారు. అలా తేరుకోకపోయినా, జవాబులు తప్పినా, చదునైన చోట తూలినా అక్కడితో పోటీ ఆపేయాలి. ఈ నిర్ణయం తోడు మనిషిది. ఆ వేళ మీ మాట మీద ఎవరూ ఆధారపడకూడదు.

నొప్పి మాత్ర వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. గంటల తరబడి పరుగుతో ఒంట్లో నీరు తగ్గి, పైన టెల్మిసార్టాన్ కూడా ఉంటే కిడ్నీ దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుంది. పోటీ రోజు బీపీ మాత్ర వేసుకోవాలో వద్దో సొంతంగా తేల్చుకోకండి, మీకు రాసిన డాక్టర్‌ను ముందే అడగండి. పోటీలోగానీ తరవాతగానీ మూత్రం కోలా రంగులో వస్తే వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

ఇక బైక్. 24 గంటలు నిద్ర లేని మనిషి స్పందన, రక్తంలో 100 మిల్లీలీటర్లకు సుమారు 100 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవారితో సమానమని పరిశోధనల్లో తేలింది. మన చట్టంలో పరిమితి 30. తాళం చెవి ముందురోజే ఇంట్లో ఇచ్చేసి, క్యాబ్‌లో వెళ్లండి.