మినిట్స్ పాసయ్యాయి కదా, మరి మెమో ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. చదివింది. ఇక్కడే ఓ కాలేజీ నడిపే ట్రస్టు ఆఫీసులో చేరి ఎనిమిది నెలలైంది. పోయిన నెల ప్రెస్ నోట్ రాయమన్నారు, రాసింది. చెప్పకూడనివి రాశావని మెమో ఇచ్చారు. పాలకవర్గం మీటింగ్ మినిట్స్‌లో ఉన్నదే రాశాను, అవి ఆమోదం కూడా అయ్యాయి అంటోంది. రెండు రోజులు అన్నం తినలేదు. ఈ ఉద్యోగం మానిపించి విశాఖలో ఆరు నెలల డిజిటల్ మీడియా కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఓ తండ్రి, పర్లాకిమిడి

జవాబు: పోలిక తర్వాత. ముందు మిమ్మల్ని ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. మెమోతో పాటు ఆ మీటింగ్ మినిట్స్ కూడా ఫొటోలు తీసి నాకు వాట్సాప్‌లో పంపారు. అమ్మాయికి చెప్పి తీశారని నేననుకోను. తను పొరపాటున నాలుగు వాక్యాలు బయటపెడితే, మీరు తెలిసి నాలుగు పేజీలు బయటపెట్టారు. నేను తుడిచేశాను. మీ ఫోన్‌లోనూ తుడిచేయండి. అందుకే కింద చెప్పే ఉదాహరణలో అంశాలు, అంకెలు అన్నీ నేను కల్పించినవే.

ఈ పనిలోకి రాకముందు నేనూ ఓ సొసైటీ ఆఫీసులో మినిట్స్ రాసినదాన్నే. మీ అమ్మాయి ఎక్కడ తడబడిందో ఒక్క మాటలో తెలిసిపోయింది: ఆమోదం. తర్వాతి మీటింగులో పాత మినిట్స్ చదివి అధ్యక్షులు సంతకం పెడతారు. ఆ సంతకానికి అర్థం జరిగింది జరిగినట్టు రాశారని, అంతే. బయట చెప్పుకోవచ్చని కాదు. ఆ అనుమతి విడిగా ఉంటుంది. మినిట్స్ చివర్లో ఒక తీర్మానంగానో, ఒక్కో అంశం కింద ఒక్కో వాక్యంగానో రాస్తారు. అది కనబడకపోతే కార్యదర్శిని అడిగి రాతలో తీసుకోవాలి. ఊహించుకోకూడదు.

ఉదాహరణకి ఓ మీటింగులో ఆరు అంశాలు వచ్చాయనుకోండి. ఒకటి, పాత మినిట్స్. రెండు, బాలికల హాస్టల్ కట్టడానికి టెండర్లు పిలవాలని తీర్మానం, అంచనా 84 లక్షలు, ఒక సభ్యుడు ఒప్పుకోలేదు. మూడు, ఒక లెక్చరర్ మీద వచ్చిన లైంగిక వేధింపుల ఫిర్యాదు, దాని విచారణ. నాలుగు, ఫీజుల పెంపు వాయిదా. ఐదు, 12 మంది విద్యార్థులకు స్కాలర్‌షిప్, పేర్లు అనుబంధంలో. ఆరో తీర్మానం ఇలా ఉంది: "2, 5 అంశాలపై పత్రికలకు నోట్ ఇవ్వాలి. టెండర్లు తెరిచేవరకు అంచనా మొత్తం చెప్పరాదు. నోట్‌ను కార్యదర్శి చూసి సంతకం చేయాలి."

కొత్తవాళ్లు చేసేదేమిటంటే, మినిట్స్ ఫైలు కాపీ చేసుకుని వద్దనుకున్నవి చెరిపేస్తూ పోతారు. చెరిపేటప్పుడు కన్ను తప్పించుకున్నదల్లా పేపర్లో వచ్చేస్తుంది. 84 లక్షలు అలాగే ఉండిపోతుంది, కాంట్రాక్టర్లందరూ ఆ అంకె చుట్టూనే కొటేషన్లు వేస్తారు. అందుకే ఖాళీ కాగితంతో మొదలుపెట్టాలి. అనుమతి ఇచ్చిన తీర్మానాన్ని పక్కన పెట్టుకుని, అది చెప్పమన్నదే రాయాలి. ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో తీర్మానం నంబరు వేయాలి. ఏ వాక్యానికి నంబరు దొరకదో ఆ వాక్యం కొట్టేయాలి, ఎంత బాగున్నా సరే. అలా రాస్తే నోట్ ఇలా తేలుతుంది:

"బాలికల కోసం హాస్టల్ భవనం నిర్మించాలని, అందుకు టెండర్లు పిలవాలని పాలకవర్గం తీర్మానించింది. 12 మంది విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు మంజూరు చేసింది."

ఇంతేనా అంటారు. ఇంతే. "ఏకగ్రీవంగా" అని పెడితే అబద్ధం, ఒకరు ఒప్పుకోలేదు కదా. "ఒకరు విభేదించారు" అని రాసే అనుమతి లేదు. కాబట్టి "తీర్మానించింది" దగ్గరే ఆగాలి. "సకల వసతులతో", "త్వరలోనే" లాంటివి ఎవరూ తీర్మానించలేదు. "ఆరు అంశాలపై చర్చించారు" అని రాశారో, మిగతా నాలుగేమిటని సాయంత్రానికల్లా విలేకరి ఫోన్ చేస్తాడు. స్కాలర్‌షిప్ ఇచ్చామని చెప్పమన్నారు గానీ ఎవరికి ఇచ్చారో చెప్పమనలేదు, అనుబంధం ఆఫీసులోనే ఉండాలి.

మూడో అంశం సంగతి వేరు. అక్కడ పాలకవర్గం సరే అన్నా ఎవరి పేరూ, విచారణ వివరాలూ పత్రికలకు ఇవ్వడానికి లేదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం, 2013లోని 16వ సెక్షన్ దాన్ని నిషేధించింది. ఎవరైనా రాయమన్నా మీ అమ్మాయి ఆ సెక్షన్ చూపించి ఆగాలి. సమాచార హక్కు చట్టం ఉంది కదా అని వాదించేవాళ్లూ ఉంటారు. ఆ చట్టం వర్తించే సంస్థ అయినా, ఎవరైనా అడిగితే ఏది ఇవ్వాలో సమాచార అధికారి తేలుస్తారు. ప్రెస్ నోట్ రాసేవాళ్లు ముందుగానే తేల్చేయడం కుదరదు.

మన సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కుంది. మినిట్స్ ఇంగ్లీషులో రాస్తారు, నోట్ ఒడియా పేపర్లకొకటి, శ్రీకాకుళం ఎడిషన్లకు తెలుగులో ఒకటి వెళ్తుంది. "టెండర్లు పిలవాలని తీర్మానించింది" అన్నది తెలుగులోకి వచ్చేసరికి "టెండర్లు పిలిచింది" అయిపోతుంది. మర్నాడు దరఖాస్తు ఫారాల కోసం ఇద్దరు ముగ్గురు గేటు దగ్గర నిలబడతారు. కార్యదర్శి సంతకం ఒక్క భాషలోని నోట్ మీద తీసుకుంటే చాలదు. వెళ్లే ప్రతి కాగితం మీదా ఉండాలి. ఆ కాపీలు, ఎవరికి ఎప్పుడు పంపిందీ ఫైల్లో ఉంచుకోవాలి.

నోట్ వెళ్లాక విలేకరి ఫోన్ చేసి "ఫీజులు పెంచుతున్నారటగా?" అని అడుగుతాడు. "లేదండీ" అన్నా కబురు బయటకు పోయినట్టే. ఏం అడిగినా "నోట్‌లో ఉన్నంతే సార్, మిగతాది కార్యదర్శిగారిని అడగండి" అనాలి. చిన్న ప్రశ్నలకూ అదే జవాబు ఇవ్వాలి. కొన్నింటికి బదులిచ్చి ఒకదానికి మౌనంగా ఉంటే, ఆ మౌనమే వార్త.

ఇక మీ కోర్సు. నేనే ఇద్దరిని అలాంటి చోటికి పంపాను, అందుకే నాకు అనుమానం ఎక్కువ. రీల్స్ చేయడం, పోస్టులకు లైకులు పెంచడం నేర్పారు. ఇద్దరూ చురుకైన పిల్లలే, బాగానే చేస్తున్నారు. కానీ అక్కడి అలవాటంతా ఎక్కువ చెప్పు, ముందు చెప్పు, ఆకట్టుకునేలా చెప్పు అనే. ఎంతవరకు చెప్పాలో అక్కడ ఎవరూ అడగరు. సొసైటీ, కాలేజీ, మున్సిపాలిటీ, సహకార బ్యాంకు, ఎక్కడైనా అడిగేది అదే. ఇంగ్లీషు మినిట్స్ చదివి రెండు భాషల్లో నోట్ రాయగల మనిషిని చేతిలో ఉన్న ఉద్యోగం మానిపించి, లక్షలు పోసి, రీల్స్ నేర్చుకోమని పంపుతారా? అమ్మాయికి అది నిజంగా ఇష్టమైతే మరో సంగతి. మీ ఉత్తరం నిండా మీ భయమే ఉంది, తన ఇష్టం గురించి ఒక్క ముక్క లేదు.

మెమో అంటే ఉద్యోగం పోయినట్టు కాదు. వివరణ అడిగారు, అంతే. అరపేజీ చాలు. ఏ వాక్యాలకు అనుమతి లేదో తనే చూసి రాయమనండి. "మినిట్స్ ఆమోదం పొందాయి కాబట్టి చెప్పవచ్చనుకున్నాను" అని ఒప్పుకోమనండి. ఇకపై ప్రతి వాక్యానికి తీర్మానం నంబరు వేసి, సంతకం తీసుకున్నాకే పంపుతానని రాయమనండి. కార్యదర్శి చూడకుండానే నోట్ వెళ్లి ఉంటే ఆ సంగతీ ఉన్నదున్నట్టు రాయాలి, ఎవరినీ నిందించకుండా. తప్పు అంకె పేపర్లో వచ్చి ఉంటే తనంతట తాను విలేకరులకు ఫోన్లు చేయకూడదు. సవరణ నోట్ కూడా అదే కార్యదర్శి సంతకంతోనే వెళ్లాలి.

ఆదివారం పదింటికి తనని నాకు ఫోన్ చేయమనండి. స్పీకర్ పెట్టి మీరు పక్కన కూర్చోవద్దు.