సాటిన్ బ్లౌజు కుట్టు పక్కన పోగులు ఎందుకు జరుగుతాయి?

ప్రశ్న: చెల్లెలి పెళ్లికని తిరుపతిలో సాటిన్ బట్ట కొని బ్లౌజు కుట్టించుకున్నాను. రెండుసార్లు వేసుకునేసరికి వీపు కుట్టు పక్కన పోగులు జరిగి సందులు కనిపిస్తున్నాయి. కుట్టు దారం మాత్రం తెగలేదు. పాప్లిన్, డ్రిల్ బట్టలకు ఎప్పుడూ ఇలా కాలేదు. సాటిన్ నేతే బలహీనమా?

జవాబు: నేతను మాత్రమే తప్పుపట్టలేమండీ. ఆ నేతకు కావలసినన్ని పోగులు మీ బట్టలో పడలేదని నా అభిప్రాయం. నగరిలో మా ఇంటి మరమగ్గాల మీద ఈ మూడు రకాల నేతలూ చూశాను, ఇప్పుడు తిరుపతిలో బట్టలు అమ్ముతున్నాను. మీరు చెప్పిన ఫిర్యాదు తరచుగా వింటూనే ఉంటాను.

పాప్లిన్ వంటి సాదా నేతలో ప్రతి పోగూ ఒకదాని పైనుంచి వెళ్లి, వెంటనే పక్కదాని కిందికి దిగుతుంది. డ్రిల్, జీన్సు వంటి ట్విల్ బట్టల్లో నిలువుగా ఉండే పడుగు పోగు సాధారణంగా అడ్డంగా ఉండే రెండు మూడు పేకల మీదుగా సాగి ఒకదాని కిందికి దిగుతుంది. ఆ దిగే చోటు వరుస వరుసకూ ఒక్కో పోగు పక్కకు జరుగుతుంది కనుక ఏటవాలు గీత ఏర్పడుతుంది. ఐదు పోగుల సాటిన్‌లో పడుగు నాలుగు పేకల మీదుగా సాగి ఐదోదాని కింద దూరుతుంది. ఈ దూరే చోట్లు ఒకదాన్నొకటి తాకకుండా చెదిరి ఉంటాయి కనుక గీత కనబడదు, పైన పొడవాటి పడుగు పోగులే పరుచుకుని ఉంటాయి.

మీ ప్రశ్నకు కీలకం ఇక్కడే ఉంది. ఒక అంగుళంలో పడుగు పోగులను పక్కపక్కనే ఆనించి పేరిస్తే 140 పడతాయని, పేక కూడా అదే లావు అని అనుకుందాం. సాదా నేతలో ప్రతి రెండు పడుగు పోగులకు పేక రెండుసార్లు దాటుతుంది, అంటే నాలుగు పోగుల చోటులో రెండే పడుగులు ఉంటాయి. కాబట్టి అంగుళానికి 70 వేస్తే బట్ట నిండిపోతుంది. మూడింటి మీదుగా సాగే ట్విల్‌లో ఆరు పోగుల చోటులో నాలుగు పడుగులు కనుక సుమారు 93 పడతాయి. ఐదు పోగుల సాటిన్‌లో ఏడు పోగుల చోటులో ఐదు పడుగులు, అంటే 100 పడతాయి. నూలు ఖర్చు తగ్గించుకోవడానికి సాటిన్‌ను కూడా 70, 75 పోగులతోనే నేస్తే, పైకి మెరుపు బాగానే కనిపిస్తుంది గాని లోపల పోగును పట్టి ఉంచే దాటుళ్లు తక్కువ, పక్కనుంచి ఒత్తిపట్టే పోగులూ తక్కువ. వీపు దగ్గర బిగుతు పడగానే పోగు తెగకుండానే జారిపోతుంది. మీ కుట్టు దారం నిలిచి బట్ట విచ్చుకోవడానికి కారణం అదే.

బలం అనే మాటను కూడా విడదీసి చూడాలి. దుకాణంలో పాప్లిన్ అంచును కత్తెరతో చిన్నగా గాటుపెట్టి చేత్తో చింపితే తిన్నగా చిరుగుతుంది, ఎందుకంటే పోగులు కదలలేక ఒక్కొక్కటిగా తెగుతాయి. ట్విల్‌లో చిరుగు మొనవద్ద పోగులు జరిగి గుంపుగా చేరి బరువును కలిసి మోస్తాయి, అందుకే జీన్సు చేత్తో అంత సులభంగా చిరగదు. పోగులు కదలగలగడం చిరుగుకు అడ్డుపడుతుంది, అదే గుణం కుట్టు దగ్గర నష్టం చేస్తుంది. సాటిన్‌కు ఇంకొక బలహీనత ఉంది: పొడవాటి పోగులు గాజుకో హుక్కుకో తగిలి లేచిపోతాయి.

మెరుపు, ఒదుగు కూడా ఆ పొడవాటి పోగులవల్లే వస్తాయి. వంపులు లేకుండా సాగిన పోగు వెలుతురును ఒకే వైపు తిప్పి పంపుతుంది కనుక, ఒక ముక్క నిలువుగా, మరొకటి అడ్డంగా కత్తిరిస్తే ఒకే తానులోని బట్ట రెండు రంగుల్లా కనిపిస్తుంది. దాటుళ్లు తక్కువ కాబట్టి మడతలు మెత్తగా జారుతాయి. అయితే ఒదుగు అంతా నేతలోనే లేదు. వెంకటగిరి చీర సాదా నేతే అయినా సన్నని 100 కౌంటు నూలు కావడంవల్ల ఒంటికి చక్కగా ఒదుగుతుంది.

ఈసారి కొనేముందు బట్టను రెండు బొటనవేళ్ల కింద పట్టుకుని అడ్డంగా, నిలువుగా గట్టిగా తోసి చూడండి. పోగులు విడిపోయి సందు పడి, వేళ్లు తీశాక కూడా అలాగే ఉంటే అది బిగువు కుట్లకు పనికిరాదు, వదులుగా ఉండే లంగాకో దుపట్టాకో వాడుకోవచ్చు. బాగున్న సాటిన్‌కైనా ముప్పావు అంగుళం మార్జిన్ వదిలి, సన్నని సూదితో, పాప్లిన్ లైనింగ్‌ను కలిపి కుట్టమని టైలరుకు చెప్పండి. అప్పుడు లాగుడును లైనింగ్ మోస్తుంది. ఇప్పుడున్న బ్లౌజుకు లోపల మార్జిన్ మిగిలి ఉంటే వీపు కుట్టు విప్పించి, కుట్టు వచ్చే చోట పలచని ఫ్యూజింగ్ పట్టీ ఇస్త్రీతో అంటించి, పావు అంగుళం వదులుగా మళ్లీ కుట్టించుకోవచ్చు. సందు మార్జిన్ దాటి లోపలికి వచ్చేసి ఉంటే మాత్రం ఆ ముక్కనే మార్పించాలి.