‘24 గంటల్లో ఏ డాక్యుమెంటైనా’ అంటే ఫోను ఎందుకు రాదు

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లిష్ చేసింది. ఉద్యోగం చూసుకోమంటే ఫ్రీలాన్స్ ట్రాన్స్‌లేటర్‌నంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టింది: ‘తెలుగు, ఇంగ్లిష్, హిందీ, జర్మన్. అన్ని రకాల బిజినెస్ డాక్యుమెంట్లు. 24 గంటల్లో డెలివరీ.’ మూడు వారాలైంది, ఒక్క ఫోనూ లేదు. ఇది నిజంగా వృత్తేనా? బ్యాంకు కోచింగ్‌లో చేర్పించడం మేలా? సంబంధాలు చూస్తున్నాం, ఏం చేస్తోందని అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదు. – ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అసలు టెన్షన్ చివరి వాక్యంలో ఉంది కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. ‘వ్యాపార పత్రాలు అనువాదం చేస్తుంది’ అని చెప్పండి. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. మూడు వారాల్లో ఫోను రాలేదని మీరు కంగారు పడుతున్నారు. కొత్తగా బోర్డు పెట్టిన ఆడిటర్‌కైనా మూడు వారాల్లో క్లయింట్లు రారు కదా. పోస్టు పెట్టినరోజే ‘ఇదేం పని’ అని ఇంట్లో పంచాయితీ పెట్టి ఉంటారని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. అది ఆపండి.

ఇక ఆ పోస్టు. ఫోను రాకపోవడానికి కారణం అమ్మాయి చదువు కాదు, ఆ నాలుగు ముక్కలే.

భాషల పేర్లు వరసగా రాస్తే పని ఇచ్చేవాళ్లకు ఏమీ అర్థం కాదు. ఈ రంగంలో భాషలను జతగా, ఎటు నుంచి ఎటో కూడా కలిపి చెబుతారు. ఇంగ్లిష్ నుంచి తెలుగుకు చేయడం ఒక పని, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు చేయడం ఇంకో పని. సాధారణంగా మాతృభాషలోకి చేసేటప్పుడే చెయ్యి బాగా తిరుగుతుంది. జర్మన్ సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఇప్పుడు ‘విదేశీ భాష నేర్చుకో, ఇంట్లో కూర్చుని సంపాదించు’ అనే ప్రచారం బాగా నడుస్తోంది. భాషా కోర్సుల్లో తొలి రెండు మెట్లైన ఎ1, ఎ2 దాటినవాళ్లు బజార్లో దారి అడగగలరు, ఒప్పంద పత్రంలోని షరతును మాత్రం భరోసాగా చదవలేరు. వ్యాపార పత్రం ముట్టుకోవాలంటే కనీసం నాలుగో మెట్టు బి2 దాటి, ఆపైన చాలాకాలం చదివి ఉండాలి. అలాంటివాళ్లు కూడా చాలామంది జర్మన్ నుంచి తమ భాషలోకే చేస్తారు. ఈ మాట కోర్సులు అమ్మేవాళ్లు చెప్పరు. పని ఇప్పిస్తాం, రిజిస్ట్రేషన్‌కు డబ్బు కట్టమనేవాళ్లను అసలు నమ్మొద్దు. పరీక్ష పేరుతో పది పేజీలు ఉచితంగా చేయించుకునేవాళ్లూ ఉన్నారు. నిజమైన పరీక్ష సాధారణంగా కొన్ని వందల పదాలు మించదు.

మన ప్రాంతంలో పని ఉన్నది తెలుగు, ఇంగ్లిష్ మధ్యే. 2019 నుంచి హైకోర్టు ఇక్కడే, నేలపాడులో ఉంది. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం హైకోర్టు వ్యవహారాలు ఇంగ్లిష్‌లో సాగుతాయి. తగాదాల్లోకి వచ్చే భాగస్వామ్య పత్రాలు, అద్దె ఒప్పందాలు, దస్తావేజులు మాత్రం చాలావరకు తెలుగులో ఉంటాయి. గుంటూరు మిర్చి వ్యాపారంలోనూ అంతే: ఎగుమతి ఇన్‌వాయిస్ మొదటి నుంచీ ఇంగ్లిష్‌లోనే తయారవుతుంది, దానికి ట్రాన్స్‌లేటర్ అక్కర్లేదు. అన్నదమ్ములు ఎప్పుడో తెలుగులో రాసుకున్న భాగస్వామ్య పత్రం బ్యాంకుకో, వేరే రాష్ట్రం పార్టీకో చూపించాల్సి వచ్చినప్పుడు కావాలి. అందుకే ‘అన్ని రకాలు’ తీసేసి, ఈ పత్రాల పేర్లే రాయమనండి.

ఇక ఆ 24 గంటలు. ఒక కోల్డ్ స్టోరేజీ లీజు ఒప్పందం ఇంగ్లిష్‌లో 4,200 పదాలు ఉందనుకోండి. తెలుగులో కావాలని శుక్రవారం సాయంత్రం పంపారు. శ్రద్ధగా చేసే మనిషి రోజుకు 2,000 నుంచి 2,500 పదాలు చేస్తారు. సోమ, మంగళవారాల్లో అనువాదం అయిపోతుంది. బుధవారం సందేహాలు అడిగి తెలుసుకోవాలి, ప్రింటు తీసి మూలం పక్కన పెట్టుకుని మొత్తం చదవాలి. గురువారం మధ్యాహ్నానికి ఇవ్వొచ్చు. రెండు రోజుల అనువాదాన్ని ఒక్క రోజులో కుక్కి, ఆ చదివే రోజునూ మింగేస్తేనే 24 గంటల డెలివరీ సాధ్యం. అప్పుడే అద్దె అంకెల్లో 12,50,000 ఉండి, పక్కన అక్షరాల్లో ‘ఒక లక్షా పాతికవేలు’ అని పడుతుంది. అంకెను, అక్షరాలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ తప్పు దొరకదు. ఈ సంగతి తెలిసిన క్లయింటు 24 గంటలు అన్న మాట చూడగానే పక్కకు వెళ్లిపోతాడు.

గడువు ఎప్పటి నుంచి లెక్కో కూడా పోస్టులో ఉండాలి. ఫైలు స్పష్టంగా చేరి, అడ్వాన్సు పడిన మర్నాటి నుంచి లెక్కేయాలి. ఫోన్లో తీసిన మసక ఫొటోలు అర్ధరాత్రి వాట్సాప్‌లో పంపి గడియారం చూసేవాళ్లుంటారు మరి. ఇంగ్లిష్ నుంచి తెలుగుకు చేసేటప్పుడు ధర మూలంలోని పదాల మీద కట్టమనండి. తెలుగులో ప్రత్యయాలు పదానికే అతుక్కుంటాయి కనుక ఇంగ్లిష్‌లో వెయ్యి పదాలు ఉన్నది తెలుగులో దాదాపు 750కి తగ్గిపోతుంది. తెలుగు పదాలను లెక్కిస్తే తన కష్టంలో పావు వంతు పోయినట్టే. చేతిరాత దస్తావేజులకు మాత్రం పేజీ లెక్కే నయం.

పని మొదలుపెట్టేముందు అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా కనిపించే యూనికోడ్ తెలుగులో కావాలా, డీటీపీ వాళ్లు వాడే ‘అను’ ఫాంట్లలో కావాలా అన్నది. విజయవాడ ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో పాత పేజ్‌మేకర్‌లో పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. యూనికోడ్ తెలుగును అందులో పేస్టు చేస్తే ప్రశ్నార్థకాలో, డబ్బాలో వస్తాయి, నింద ట్రాన్స్‌లేటర్ మీద పడుతుంది. రెండోది పేర్లు. తెలుగు దస్తావేజులో కోటేశ్వరరావు అని ఉంటే ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాయొచ్చు. ఆధార్‌లో, పాన్‌లో ఉన్న స్పెల్లింగు ముందే తెప్పించుకోకపోతే బ్యాంకు ఆ కాగితాన్ని తిప్పి పంపే ప్రమాదం ఉంది.

పోస్టు ఇలా ఉంటే చాలు:

‘ఇంగ్లిష్ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు వ్యాపార పత్రాల అనువాదం: భాగస్వామ్య, అద్దె, లీజు ఒప్పందాలు, దస్తావేజులు, నోటీసులు. సోమవారం నుంచి కొత్త పనులు తీసుకుంటున్నాను. 2,000 పదాల వరకు రెండు పనిరోజులు. అంతకు మించితే ఫైలు చూసి గడువు చెబుతాను. యూనికోడ్, అను ఫాంట్లు రెండింట్లోనూ ఇవ్వగలను. మీ పత్రాలు గోప్యంగా ఉంటాయి. గుంటూరు, విజయవాడ.’

అను ఫాంట్లలో టైపింగ్ రాకపోతే ఆ ముక్క తీసేయాలి. ‘సర్టిఫైడ్’ అని మాత్రం రాయొద్దు. మన దేశంలో ట్రాన్స్‌లేటర్లందరికీ సర్కారు ఇచ్చే లైసెన్సంటూ లేదు. అనువాదాన్ని ధ్రువీకరించే అధికారం 1952 నాటి నోటరీల చట్టం నోటరీకి ఇచ్చింది. ఎవరి ధ్రువీకరణ కావాలో కాగితం అడిగిన ఆఫీసునే అడిగి తెలుసుకోవాలి.

బ్యాంకు కోచింగ్‌తో పోల్చమన్నారు. జీతం నెల తిరిగేసరికి వస్తుంది, ఈ పనిలో డబ్బు ఒక్కోసారి నెలన్నరకు గానీ రాదు. తేడా అదే. అమ్మాయికి ఇష్టమైతే కోచింగ్‌కూ వెళ్లనివ్వండి, పొద్దుటి పూట రెండు గంటలు ఈ పని చేసుకుంటుంది. తను వద్దంటే మీరు ఫీజు కట్టేసి బలవంతాన పంపొద్దు. ఏడాది టైమివ్వండి, అంతలో కొంపలేమీ మునగవు. అన్నట్టు, మీ బావమరిది దస్తావేజు కూడా ఉచితంగా చేయమని అడక్కండి. ఈ ఊళ్లో ట్రాన్స్‌లేటర్ల మొదటి బాకీలు బంధువుల దగ్గరే ఉంటాయి. దానికి బదులు, ఇన్‌స్టాగ్రామ్‌ను నమ్ముకోకుండా ఆ పోస్టును ప్రింటు తీయించి రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరి దస్తావేజు లేఖరులకు, మీకు తెలిసిన ఇద్దరు ముగ్గురు ఆడిటర్లకు, వకీళ్లకు మీరే వెళ్లి ఇచ్చి రండి.