మూడు నిమిషాల్లో మూసిన టికెట్, ఇరవై రోజులు లోపలున్న దొంగ

ప్రశ్న: దాడులను కనిపెట్టుకుని ఉండే మా సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్, అంటే సాక్‌లో, కనిపెట్టడానికి పట్టే సగటు సమయం ఎంటీటీడీ, పరిష్కరించడానికి పట్టే సగటు సమయం ఎంటీటీఆర్ ప్రతి నెలా తగ్గించమని మేనేజర్ ఒకటే టెన్షన్ పెడుతున్నారు. ఈ నంబర్లు తగ్గితే సెక్యూరిటీ నిజంగా బాగుపడినట్టేనా? ఏది నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు?

నాది నల్గొండ. హైదరాబాద్‌లో ఒక సాక్‌లో నాలుగేళ్లు నైట్ షిఫ్ట్ చేశాను, శనివారం తెల్లారగానే ఎల్బీ నగర్‌లో బస్సెక్కి ఇంటికి వచ్చి పడుకునేవాణ్ణి. మీ ప్రశ్న చదవగానే ఒక టికెట్ గుర్తొచ్చింది, అందుకే రాస్తున్నాను.

మా క్లయింట్లలో మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులున్న ఒక గ్రూపు ఉండేది. మార్చి 3 రాత్రి 1:52కి, బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రావడానికి వాళ్లు వాడే వీపీఎన్‌లోకి ఒక అకౌంట్ నెదర్లాండ్స్ ఐపీ నుంచి లాగిన్ అయిందని అలర్ట్ వచ్చింది. అంతకుముందు అదే క్లయింట్‌కు ఇలాంటివి రెండు వస్తే, చూస్తే ఓనర్ గారి అబ్బాయి దుబాయ్ నుంచి లాగిన్ అయినవి. ఇదీ అలాంటి ఉత్త అలర్టే అనుకుని "యూజర్ ప్రయాణంలో ఉన్నారు, ఫాల్స్ పాజిటివ్" అని రాసి 1:55కి టికెట్ మూసేశారు. మూసింది ఎవరో కాదు, నేనే. ఫోన్ చేసి కనుక్కోవాలంటే రాత్రి రెండింటికి అక్కడ ఎత్తేవాళ్లుండరు, ఇరవై నిమిషాలు పోతాయి, పదిహేను నిమిషాలు దాటితే గోడ మీద స్క్రీన్‌లో మన పేరు ఎర్రగా వెలుగుతుంది.

మార్చి 22 రాత్రి 11:20కి అదే క్లయింట్ ట్యాలీ సర్వర్‌లో కొత్త యూజర్ తయారయ్యాడు, వెంటనే అడ్మిన్ గ్రూపులో చేరాడు. విండోస్ ఈవెంట్ నంబర్లలో చెప్పాలంటే 4720, దాని వెనకే 4732. ఆరు నిమిషాల్లో పట్టుకున్నాం, 12:05కి సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీశాం. అందరూ శభాష్ అన్నారు. దొంగ లోపలికి వచ్చింది 3వ తేదీ నాటి వీపీఎన్ అకౌంట్‌తోనే. తెల్లారి ఆ మిల్లు ఆఫీసుకు ఫోన్ చేసి ఆ అకౌంట్ ఎవరిదని అడిగితే అకౌంట్స్ చూసే పెద్దాయన, "ఆ పిలగాడు మానేసి ఐదు నెలలైతుంది సార్, పెద్దవూరలో కిరాణం పెట్టుకున్నడు, ఆయన హాలియా దాటి పోడు" అన్నారు. నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ ఒక్క ఫోన్ 3వ తేదీన చేసి ఉంటే!

ఇప్పుడు నెలాఖరు రిపోర్ట్ సంగతి. ఒకే దొంగతనానికి మా దగ్గర రెండు టికెట్లున్నాయి, రెండూ రిపోర్ట్‌లో మెరిసిపోయాయి. 22వ తేదీది ఆరు నిమిషాల్లో కనిపెట్టినట్టు. 3వ తేదీది మూడు నిమిషాల్లో పరిష్కరించినట్టు. అంటే నేను చేసిన తప్పు ఆ నెల సగటును తగ్గించింది, నేను జాగ్రత్తగా ఫోన్ చేసి ఉంటే సగటు పెరిగేది. మేనేజర్లను మోసం చేసేది ఇదే. అలర్ట్ పుట్టిన క్షణం నుంచి గడియారం మొదలుపెడితే దాని పేరు ఎంటీటీడీ అయినా, అది కొలిచేది మన టికెట్ల క్యూ ఎంత వేగంగా కదులుతుందో అంతే. దొంగ ఎప్పుడు వచ్చాడో దానికి తెలియదు. గడియారం దొంగ మొదటి అడుగు దగ్గర మొదలవ్వాలి:

```
first_activity   03-03 01:52
alert_created    22-03 23:20
contained        23-03 00:05
```

మొదటి రెండు లైన్ల మధ్య 19 రోజుల 21 గంటలు. మా రిపోర్ట్ లెక్కలో అసలు మొదటి లైనే లేదు.

సరే, నిజాయితీగా మొదటి లైన్ కలుపుదాం అంటే సగటు అప్పుడూ నిజం చెప్పదు. ఆ నెల మొత్తం 412 టికెట్లు. మిగతా 411కి తలా ఆరు నిమిషాలనుకుని ఈ ఒక్కదానికి 28,648 నిమిషాలు కలిపి భాగిస్తే సుమారు 75 నిమిషాలు వస్తుంది. 75 నిమిషాల్లో పట్టుకున్న సంఘటన ఆ నెలలో ఒక్కటీ లేదు. పోనీ ఫాల్స్ పాజిటివ్‌లు తీసేసి నిజమైన తొమ్మిదే తీసుకుంటే, మిగతా ఎనిమిదికి తలా నలభై నిమిషాలు వేసినా సగటు రెండు రోజులు దాటుతుంది, అదీ ఎవరి కథా కాదు. అన్నింటినీ వరసలో పెట్టి మధ్యన ఉన్నదాన్ని, అంటే మీడియన్ తీసుకుంటే ఆ ఇరవై రోజులు పూర్తిగా మాయమైపోతాయి. నెలకు తొమ్మిది సంఘటనలున్న చోట సగటు ఎందుకు? తొమ్మిదింటినీ ఒక్కో లైన్‌గా రాసి చూపిస్తే ఒక పేజీ కూడా నిండదు.

లాగ్‌ల గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మొదట మేము ఆ సర్వర్ లాగ్ మాత్రమే చూసి దొంగ 15వ తేదీన వచ్చాడని రాశాం, ఎందుకంటే అంతకుముందువి అక్కడ లేవు. విండోస్ సెక్యూరిటీ లాగ్ సైజు ఎవరూ పెంచకపోతే 20 ఎంబీ నిండగానే పాతవి చెరిగిపోతూ ఉంటాయి. వీపీఎన్ లాగ్ విడిగా దాచబట్టి 3వ తేదీ బయటపడింది. అంటే లాగ్‌లు తక్కువ రోజులు దాచే ఆఫీసుకు ఎంటీటీడీ దానంతటదే అందంగా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు దాచాలని ఉంది, అయినా డిస్క్ ఖర్చు అనగానే మొదట కోత పడేది దీనికే. ఇంకో బాధ, కొందరు రిపోర్ట్ మొదటి పేజీలోనే "ఈ నెల లక్షల దాడులు ఆపాం" అని పెడతారు. అవి ఇంటర్నెట్‌లో ప్రతి ఐపీకీ పగలూ రాత్రీ తగిలే, తలుపు తెరిచుందేమో అని తట్టి చూసే పోర్ట్ స్కాన్‌లు, ఫైర్‌వాల్ ఎవరూ చెప్పకుండానే పడేసేవి. వాటిని చూసి మిల్లు ఓనర్లు మనం భద్రం అనుకుంటున్నారు, అది చూస్తే కోపం వస్తుంది.

మరి ఏది నమ్మాలి? నేను నమ్మేది ఒకటే: త్వరగా మూసిన టికెట్లలో ఎన్ని తప్పుగా మూశాం. మొదట మేము నెలకు ఇరవై టికెట్లు లాటరీ తీసినట్టు తీసి ఇంకొకరితో మళ్లీ చూపించాం. అది చాలదు. దాదాపు నాలుగు వందల ఫాల్స్ పాజిటివ్‌లలో తప్పుగా మూసింది ఒక్కటే ఉంటే, ఇరవైలో అది పడే అవకాశం నూటికి ఐదు. అందుకని లాటరీ మానేసి, వీపీఎన్ లాగిన్‌లు, అడ్మిన్ గ్రూపు మార్పులు, ఈ రెండు రకాల్లో ఐదు నిమిషాల లోపు మూసినవన్నీ తీసుకున్నాం. నెలకు పాతికకు మించలేదు, ఒక మనిషికి ఒక పూట పని. చూసేటప్పుడు అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: ఈ అకౌంట్ మనిషి ఇంకా అక్కడ పని చేస్తున్నాడని ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు? టికెట్‌లో ఆ జవాబు లేకపోతే అది తప్పుగా మూసినట్టే లెక్క. దీనికీ హద్దుంది, అలర్టే రాని దాడి ఇందులో కనిపించదు. దానికోసం క్లయింట్ అనుమతి తీసుకుని, షిఫ్ట్ వాళ్లకు చెప్పకుండా, రాత్రి రెండింటికి ఒక టెస్ట్ యూజర్‌ను అడ్మిన్ గ్రూపులో చేర్చి, మనిషి నుంచి ఫోన్ రావడానికి ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి చూడండి.

మీ మేనేజర్ ఒప్పుకోకపోతే మా అనుభవం చెప్పండి. వీపీఎన్ టికెట్లకు పదిహేను నిమిషాల గడువు తీసేసి, ఫోన్ చేయకుండా మూయకూడదని పెట్టిన మొదటి నెల మా సగటు 6 నుంచి 11 నిమిషాలకు పెరిగింది. ఇంకో క్లయింట్ నుంచి "పనితీరు ఎందుకు పడిపోయింది?" అని మెయిల్ వచ్చింది. వాళ్ల కంపెనీలోనే ఉద్యోగం మానేసినా ఇంకా తెరిచి ఉన్న రెండు అకౌంట్లు ఆ ఫోన్ల వల్లే ఆ నెలలో బయటపడ్డాయి, ఆ రెండు టికెట్లనే జవాబుగా పంపాను.