గచ్చు మట్టానికి బిగించిన బేసిన్

ప్రశ్న: ఇండియన్ టాయిలెట్ బేసిన్ టైల్స్ వేయకముందే బిగిస్తానంటున్నాడు మా మేస్త్రీ. ఫరవాలేదా? ఇంకేమైనా చూసుకోవాలా?

ముందే బిగించాలండీ, అందులో మీ మేస్త్రీ తప్పేం లేదు. కాకపోతే బేసిన్ అంచు ఏ మట్టానికి పెడుతున్నాడో అడగండి. "గచ్చుకి సమానంగా" అన్నాడంటే అక్కడే ఆపేయండి. మా అమ్మమ్మ వాళ్లింట్లో మేం ఆపలేదు.

తెనాలి దగ్గర పల్లెటూరు. పెరట్లో విడిగా ఉన్న దొడ్డిని ఇంట్లోకి మార్చాం, చిన్న గది. మేస్త్రీ బేసిన్ అంచుని కింది గచ్చుకి కలిపేసి చక్కగా బిగించి వెళ్లాడు. వారం తర్వాత టైల్స్ అతను వచ్చాడు. మాలూ టైలూ కలిపి ఒకటిముప్పావు అంగుళం లేచింది, బేసిన్ గుంటలో పడింది. అతను ఊరుకోకుండా చుట్టూ టైల్స్ ఏటవాలుగా దించేశాడు. దానికి తోడు షాపువాడు అంటగట్టిన నున్నటి టైల్స్. బాత్రూమ్‌కి మెరిసే టైల్స్ అమ్మేవాళ్లని ఒక్కరోజు తడికాళ్లతో వాటి మీద నడిపించాలి. మూడో రోజే అమ్మమ్మ కాలు జారింది. తలుపు పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

లెక్క తలుపు దగ్గర మొదలవ్వాలి. మా ఇంట్లో హాలు టైల్ పైభాగాన్ని సున్నా అనుకుంటే, లోపల తలుపు పక్క టైల్ దానికంటే ముప్పావు అంగుళం కిందికి ఉండాలి. అక్కడినుంచి బేసిన్ దాకా మూడడుగుల దూరం, దానికి అరంగుళం వాలు. అంటే బేసిన్ అంచు హాలుకంటే ఒకటింపావు అంగుళం కింద ఉండాలి. మా గచ్చు హాలుకంటే మూడంగుళాలు కింద ఉంది. మేస్త్రీ బేసిన్‌ని దానికి కలిపాడు. తేడా ఎక్కడొచ్చిందో మీకే తెలుస్తుంది. లెవెల్ ట్యూబుతో గోడ మీద గీత గీయించి, ఆ గీత నుంచి కిందికి కొలిపించండి. గదిలోనే స్నానం కూడా చేసేట్టయితే ఆ నీళ్ల వాలు వేరే జాలీ వైపుకి ఉండాలి, బేసిన్ వైపుకి కాదు.

సరే, పీకించాం. బేసిన్ చుట్టూ గట్టి కాంక్రీటు కూరేశాడేమో, సుత్తి పడగానే పగిలింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. బేసిన్ కిందుండే వంపు గొట్టం, అదే ట్రాప్, బయటి పైపు వైపుకి ఒరిగి ఉంది. ట్రాప్‌లో రెండంగుళాల లోతు నీళ్లు అడ్డంగా నిలవాలి, సెప్టిక్ ట్యాంక్ గాలిని ఆపేది అవే. ట్రాప్ అటు వంగడంతో పైనున్న నీళ్లు పైపులోకి జారిపోయి, అడ్డు అంగుళం కూడా మిగల్లేదు. నాలుగు రోజులు వాడకపోతే వాసన ఎందుకొస్తోందో అప్పుడర్థమైంది. అప్పటిదాకా మావాళ్లంతా ట్యాంకునే తిట్టారు. నన్నడిగితే మన ఊళ్లలో బాత్రూమ్ వాసనల్లో సగం ట్రాప్ పాపమే. ఫినాయిల్ కంపెనీలు బతుకుతున్నది దానివల్లే.

రెండోసారి నేను పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నాను. ముందు ట్రాప్‌ని మట్టం చూసి కూర్చోబెట్టి కదలకుండా కట్టించాం. బేసిన్ మెడ దాని నోట్లోకి సరిగ్గా దిగాక, మెడ చుట్టూ సందు నింపేముందు లోపల గుడ్డ పెట్టించాను. లేకపోతే మాలు ముక్కలు ట్రాప్‌లో పడి గట్టిపడతాయి, ఆ తర్వాత ఏం పోసినా అడ్డమే. మర్నాడు గుడ్డ తీసి నాలుగు బకెట్లు పోసి, కింద జాయింటు దగ్గర తడి కనబడలేదని చూసుకున్నాకే బేసిన్ చుట్టూ నింపనిచ్చాను. అదీ ఇసుకలో కాస్త సిమెంటు కలిపిన మాలుతోనే. మళ్లీ తీయాల్సి వస్తే బేసిన్ దక్కుతుంది.

ఇక ఫ్లష్. ప్లంబర్ డాబా మీది ట్యాంక్ నుంచి అరంగుళం పైపు నేరుగా బేసిన్‌కి ఇచ్చి వాల్వు పెట్టాడు. తిప్పితే నీళ్లు సన్నగా కారేవి తప్ప ఏదీ కదిలేది కాదు. బేసిన్ కడగాలంటే నీళ్లు ఒక్కసారిగా పడాలి. పది లీటర్ల ఫ్లష్ ట్యాంక్‌ని గోడకి ఆరడుగుల ఎత్తున పెట్టి, ఒకటింపావు అంగుళం పైపు దించితే సరిపోయింది. ఆ అరంగుళం పైపుకి ట్యాంక్ నింపడమే పని. పైపు బేసిన్ వెనక కలిసేచోట రబ్బరు వాషర్ వేయించండి, సిమెంటు పూయనివ్వకండి. మా పక్కింట్లో పూస్తే వెనక గోడ ఏడాదంతా చెమ్మగానే ఉంది.

అమ్మమ్మ మాత్రం ఇప్పటికీ ఆ గొలుసు లాగదు, బకెట్టే వాడుతుంది.